కిరీటం ఉంది, పేరు లేదు: పౌరాణిక మీమ్ ఏ సీరియల్‌లోదో పట్టుకునే పద్ధతి

నెమలి పింఛం పెట్టుకున్న కృష్ణుడు చిన్నగా నవ్వుతున్నాడు. కింద తెలుగులో ఎవరో ఒక డైలాగు రాశారు. సీరియల్ పేరు లేదు, ఛానెల్ లోగో లేదు, నటుడి పేరు లేదు. ఆ సీన్ మొత్తం చూడాలని మీకు అనిపించింది. "కృష్ణుడు మీమ్" అని వెతికితే వందల బొమ్మలు వస్తాయి, అందులో మీకు కావలసింది ఉండదు.

మామూలు సీరియల్ అయితే నటుడిని గుర్తుపట్టగానే పని సగం అయిపోతుంది. పౌరాణికాల్లో అలా కుదరదు. పాత్రలు అవే, కథ అదే, నగలు దాదాపు అవే. పైగా ఒకే నటుడు ఒక సీరియల్‌లో కృష్ణుడిగా, మరో దాంట్లో విష్ణువుగా, ఇంకో దాంట్లో శివుడిగా కనిపిస్తాడు. అందుకే ఇక్కడ ముఖాన్ని చివరికి ఉంచుకోవాలి. ముందు ఫ్రేమ్ చూసి కాలం తేల్చుకోండి, తర్వాత దుస్తులు, ఆ తర్వాత సెట్టు, ఆఖరున ముఖం. ఈ వరుస ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

ముందు బొమ్మను శుభ్రం చేసుకోండి

మీమ్ మీద ఉన్న అక్షరాలు, తెల్ల పట్టీలు, స్మైలీలు అన్నీ కత్తిరించి, మిగిలిన బొమ్మను వేరుగా సేవ్ చేసుకోండి. ఆ కత్తిరించిన ముక్కనే గూగుల్ లెన్స్‌లో పెట్టండి. అక్షరాలతో పెడితే లెన్స్ ఆ అక్షరాల వెంట పోయి అలాంటి మీమ్‌లే చూపిస్తుంది.

లెన్స్ చూపించే పేరును వెంటనే నమ్మకండి. ఆ బొమ్మ ఏ పేజీలో ఉందో ఆ పేజీ శీర్షికే మీకు కనిపిస్తోంది. ఆ పేజీ వాళ్లు తప్పు పేరు పెట్టి ఉంటే అదే తప్పు మీ దగ్గరికి వస్తుంది. లెన్స్‌ని నేను వాడేది వేరే పనికి: ఇదే బొమ్మకు ఇంకా పెద్దది, ఇంకా తక్కువ కత్తిరించిన కాపీ ఎక్కడైనా ఉందా అని. అంచుల్లో ఇంకో రెండు అంగుళాల గోడ కనిపించినా, పక్కవాడి భుజం కనిపించినా మీ పని చాలా తేలికవుతుంది.

ఇంకొక్కటి చూడాలి. మీమ్ చేసేవాళ్లు చాలాసార్లు బొమ్మను కుడి ఎడమలు తిప్పేస్తారు. తిప్పిన బొమ్మను అసలు సీన్‌తో పోల్చితే సెట్టు కలవదు, ముఖం కూడా కొంచెం వేరేగా అనిపిస్తుంది. పౌరాణికాల్లో దీన్ని పట్టుకోవడానికి జంధ్యం ఉంది. జంధ్యం ఎడమ భుజం మీద నుంచి కుడి నడుము వైపుకు వస్తుంది. మనిషి మన వైపు తిరిగి ఉంటే, అది మన కుడి చేతి వైపు ఉన్న భుజం మీద కనిపించాలి. మన ఎడమ చేతి వైపు భుజం మీద ఉంటే, అది పితృకార్యం సీన్ కాకపోతే, బొమ్మ తిప్పినదే. వేణువు కూడా పనికొస్తుంది: వాయించేవాడికి అది కుడి పక్కకు ఉండడం మామూలు. తిప్పినట్టు తేలితే ఫోన్ గ్యాలరీలోనే మళ్లీ తిప్పి, అప్పుడు ముందుకు వెళ్లండి.

కాలం తేల్చుకోండి

కత్తిరించని కాపీ దొరికితే వెడల్పును ఎత్తుతో భాగించండి. 1.33 దగ్గరలో వస్తే పాత టీవీ ఆకారం, 1.78 దగ్గరలో వస్తే కొత్త టీవీ ఆకారం. 1987లో దూరదర్శన్‌లో మొదలైన రామానంద్ సాగర్ రామాయణం, 1988లో మొదలైన బి.ఆర్. చోప్రా మహాభారతం, 1993లో మొదలైన సాగర్ శ్రీకృష్ణ, ఇవన్నీ పాత ఆకారంలోవి. 2013లో స్టార్ ప్లస్‌లో వచ్చిన మహాభారతం, 2018లో స్టార్ భారత్‌లో మొదలైన రాధాకృష్ణ కొత్త ఆకారంలోవి.

పాత సీరియళ్లను ఇప్పుడు అప్‌లోడ్ చేసేవాళ్లు కొందరు పైనా కిందా కోసి వెడల్పు ఆకారంలోకి తెస్తారు. అప్పుడు కిరీటం కొన తెగిపోతుంది, గడ్డం కింద ఖాళీ ఉండదు. కిరీటం కొన కనిపించని క్లోజప్ చూస్తే కొలత మీద ఆధారపడకండి, రంగు చూడండి. పాత వీడియోలో ఎరుపు పక్కకు కారినట్టు ఉంటుంది. ముఖ్యంగా బొట్టు, పెదవులు, ఎర్ర పట్టు అంచుల దగ్గర ఇది బాగా తెలుస్తుంది. నగల మెరుపు చుక్కలా కాకుండా మసకగా పరుచుకుంటుంది. కొత్త వాటిలో జుట్టు పోగులు విడివిడిగా కనిపిస్తాయి, వెనక ఉన్నదంతా కావాలనే బ్లర్ చేసి ఉంటుంది.

మీమ్ చతురస్రంగా ఉంటే కొలత ఎలాగూ పనికిరాదు. అప్పుడు రంగు ఒక్కటే ఆధారం. వాట్సాప్‌లో చాలా చేతులు మారిన బొమ్మ కొత్తదైనా పాతదిలా పాడైపోతుంది. అయితే ఆ పాడు వేరే రకం: చిన్న చిన్న గడుల్లా విరుగుతుంది, ఎరుపు మాత్రం కారదు. ఈ తేడా ఒకసారి కంటికి అలవాటైతే మళ్లీ మర్చిపోరు.

దుస్తులు ఏం చెబుతాయి

అన్నింటికన్నా ముందు తేల్చవలసింది: ఇది సీరియలేనా, మన సినిమానా? ఒంటి రంగు చూడండి. రంగుల్లో తీసిన తెలుగు పౌరాణికాల్లో రాముడికీ కృష్ణుడికీ నీలం ఛాయ మేకప్ వేయడం అలవాటు. 1963 లవకుశలోనూ, 1977 దాన వీర శూర కర్ణలోనూ ఎన్టీఆర్‌ని గుర్తు చేసుకోండి. దూరదర్శన్ సీరియళ్లలో రాముడు, కృష్ణుడు మామూలు ఒంటి రంగుతోనే ఉంటారు. కాబట్టి నీలం కనిపిస్తే సీరియళ్లు పక్కన పెట్టి సినిమాల వైపు వెళ్లండి. నలుపు తెలుపులో ఉండవలసిన ఎన్టీఆర్ కృష్ణుడు రంగుల్లో కనిపిస్తే కంగారు పడకండి. 1957 మాయాబజార్‌కు 2010లో రంగులు వేసి మళ్లీ విడుదల చేశారు. ఎన్టీఆర్ కృష్ణుడి పక్కన శివాజీ గణేశన్ కర్ణుడు ఉంటే అది 1964 తమిళ కర్ణన్.

సీరియలే అని తేలాక మగవాళ్ల ఛాతీ చూడండి. వినడానికి వింతగా ఉన్నా ఇదే నాకు ఎక్కువసార్లు పనికొచ్చిన గుర్తు. చోప్రా మహాభారతంలో రాజులంటే బరువైన నగలు, జరీ పట్టు, వెల్వెట్, పెద్ద కిరీటం. ఛాతీ మీద ఎప్పుడూ ఏదో ఒకటి పరుచుకుని ఉంటుంది. 2013 మహాభారతంలో కండలు తిరిగిన ఒళ్లు కనిపించేలా దుస్తులు కుట్టారు. తోలులా, లోహంలా కనిపించే భుజకవచాలు, విరబోసుకున్న పొడుగాటి జుట్టు, చిన్న కిరీటాలు. ఆ దుస్తులు గాంధీ సినిమాకు ఆస్కార్ అందుకున్న భాను అథయ్యా డిజైన్ చేసినవి. అందుకే రంగుల ఎంపికలో ఒక పద్ధతి కనిపిస్తుంది.

దుస్తులు సీరియల్‌ని మాత్రమే కాదు, కథలో ఏ చోటో కూడా చెబుతాయి. ఇది చాలామంది వాడుకోరు. కళ్లకు గంతలు ఉన్న స్త్రీ గాంధారి, కాబట్టి ధృతరాష్ట్రుడితో పెళ్లి కుదిరాక నడిచే కథ. జుట్టు ముడి వేయని ద్రౌపది ఉంటే జూదం అయిపోయినట్టే. పాండవులు నారబట్టల్లో ఉంటే వనవాసం. రాముడు జడలు కట్టి కాషాయంలో ఉంటే అయోధ్య వదిలాడు, ఇంకా తిరిగి రాలేదు. ఎపిసోడ్ వెతికేటప్పుడు ఈ చిన్న విషయాలే గంటలకొద్దీ సమయం మిగులుస్తాయి.

ఒక్క రంగును పట్టుకుని మాత్రం తీర్పు చెప్పకండి. కృష్ణుడికి పసుపు పట్టు అందరూ కడతారు. శకునికి ముదురు రంగులు, నలుపు దాదాపు ప్రతి సీరియల్ వాళ్లకూ ఇష్టమే. ఒక కన్ను మూసి చూసే చూపు కూడా 1988లో గూఫీ పేంటల్‌కు ఉంది, 2013లో ప్రణీత్ భట్‌కూ ఉంది. ఆ రెండు శకునుల్ని దుస్తుల రంగుతో విడదీయలేం, పైన చెప్పిన కాలం గుర్తులతోనే విడదీయాలి.

సెట్టు

వెనక గోడ చూడండి. పాత సీరియళ్లలో వెలుగు అంతటా సమంగా ఉంటుంది, మనిషి నీడ వెనక గోడ మీదో తెర మీదో పడుతుంది. దూరంగా కనిపించే కోట, కొండ బట్ట మీద వేసిన బొమ్మ అని తెలిసిపోతుంది. కొత్త వాటిలో వెనక అంతా కంప్యూటర్‌లో చేసిన నగరం, పొగ, లోతు.

సభ సీన్ అయితే సింహాసనం వీపును జాగ్రత్తగా చూడండి. స్తంభాలూ తెరలూ ఎపిసోడ్‌కొక రకంగా సర్దుతారు కానీ హస్తినాపురం సింహాసనాన్ని మాటిమాటికీ మార్చరు. దాని మీది చెక్కడం, చేతులు పెట్టుకునే చోట సింహం తల ఉందా లేదా, వెనక గుండ్రంగా ఉందా కోణంగా ఉందా అన్నది చూసి, మీరు అనుమానిస్తున్న సీరియల్ సభ సీన్‌తో పోల్చండి.

సెట్టుకు ఒక హద్దు ఉంది. సాగర్ రామాయణం, 2013 మహాభారతం రెండూ గుజరాత్‌లోని ఉమర్‌గావ్‌లోనే తీశారు. కాబట్టి "ఇది ఉమర్‌గావ్" అని తేల్చినా ఏమీ తేలనట్టే. 2013 మహాభారతం తీసిన స్వస్తిక్ ప్రొడక్షన్స్ వాళ్లే 2015లో సూర్యపుత్ర కర్ణ, 2018లో రాధాకృష్ణ తీశారు. వాటి వెలుగు, రంగులు, కోటల తీరు అన్నదమ్ముల్లా ఉంటాయి. సెట్టు మిమ్మల్ని నిర్మాణ సంస్థ దాకా తీసుకెళ్తుంది. అక్కడి నుంచి ముఖం కావాలి.

ఇప్పుడు ముఖం

కనుబొమలు, గడ్డం, మీసం, జుట్టు అన్నీ మేకప్ చేతిలో ఉంటాయి, వాటిని పోల్చకండి. ముక్కు వెడల్పు, చుబుకం ఆకారం, నవ్వితే కనిపించే పలువరుస చూడండి. పౌరాణికాల్లో చెవులు కుండలాల వెనక దాక్కుంటాయి కాబట్టి అవి అంతగా పనికిరావు. పోల్చడానికి అదే కాలం నాటి ఫోటో తీసుకోండి. అదే నటుడి ఇరవై ఏళ్ల తర్వాతి ఇంటర్వ్యూ పక్కన పెడితే అనవసరంగా అనుమానం వస్తుంది.

నటుడు ఎవరో తెలిశాక, అతను చేసిన మిగిలిన పౌరాణికాలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. నితీశ్ భరద్వాజ్ ముఖం చూడగానే "మహాభారతం కృష్ణుడు" అంటారు. ఆయన అదే చోప్రాల విష్ణుపురాణంలో విష్ణువు, వాళ్లే తర్వాత తీసిన రామాయణంలో రాముడు కూడా. నాలుగు చేతులు కనిపిస్తే విష్ణుపురాణం వైపు, విల్లు కనిపిస్తే ఆ రామాయణం వైపు వెళ్లాలి. సౌరభ్ రాజ్ జైన్ 2013 మహాభారతంలో కృష్ణుడు, అంతకుముందు 2011లో మొదలైన దేవోం కే దేవ్ మహాదేవ్‌లో విష్ణువు, 2017లో వచ్చిన మహాకాళిలో శివుడు. ఆ మహాకాళిలో పార్వతిగా చేసిన పూజా శర్మే మహాభారతంలో ద్రౌపది. అంటే ఈ ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉన్నా రెండు సీరియళ్లకు అవకాశం ఉంది. జటలు, పాము ఉన్నాయా, నెమలి పింఛం ఉందా అన్నది చూస్తే కానీ తేలదు. అర్పిత్ రాంకా మహాభారతంలో దుర్యోధనుడు, రాధాకృష్ణలో కంసుడు.

అరుణ్ గోవిల్ విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. రామాయణానికి ముందు, 1985లో సాగర్ తీసిన విక్రమ్ ఔర్ బేతాళ్‌లో విక్రమార్కుడు ఆయనే. దీపికా చిఖలియా, సునీల్ లహరి, అరవింద్ త్రివేది, దారా సింగ్ కూడా అందులో కనిపిస్తారు. ఇద్దరు ముగ్గురు తెలిసిన ముఖాలు కలిసి ఉన్నంత మాత్రాన అది రామాయణం అయిపోదు. మనిషి భుజం మీద తెల్లజుట్టు బేతాళుడు ఉంటే సందేహమే లేదు. రామాయణం తర్వాత వచ్చిన లవకుశ సీరియల్‌లోనూ రాముడు, సీత వాళ్లే. ఆశ్రమంలో సీతా, పక్కన ఇద్దరు పిల్లలూ ఉంటే అది ఆ రెండోది.

ఒక బొమ్మ పట్టి చూద్దాం

మొదట చెప్పిన కృష్ణుడి మీమ్‌నే తీసుకుందాం. చతురస్రపు బొమ్మ, నెమలి పింఛం, చిన్న నవ్వు. అక్షరాలు కత్తిరించి లెన్స్‌లో పెడితే కొంచెం వెడల్పైన కాపీ దొరికింది అనుకోండి. దాని కుడి అంచున తెల్లని గడ్డం సగం కనిపిస్తోంది, ఎవరో పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

ఒంటి మీద నీలం లేదు, కాబట్టి మన సినిమా కాకపోవచ్చు. పింఛం చుట్టూ ఎరుపు కారుతోంది, నగల మెరుపు మసకగా ఉంది, కాబట్టి పాత వీడియో. దీంతో 2013, 2018 సీరియళ్లు పోయాయి. మిగిలినవి చోప్రా మహాభారతం, సాగర్ శ్రీకృష్ణ, విష్ణుపురాణం. ఛాతీ నిండా బరువైన నగలు ఉన్నాయి. అది మూడింటికీ సరిపోతుంది కాబట్టి దాన్ని పక్కన పెడదాం. వెనక కూర్చున్న వరుస, స్తంభం మొదలు కనిపిస్తున్నాయి, అంటే సభ.

ఇక ముఖాలు. సాగర్ శ్రీకృష్ణలో పెద్ద కృష్ణుడు సర్వదమన్ బెనర్జీ, కుర్ర కృష్ణుడు స్వప్నిల్ జోషి. వాళ్ల ఫోటోలు పక్కన పెట్టి చూస్తే ముక్కు, చుబుకం కలవడం లేదు. నితీశ్ భరద్వాజ్‌తో కలుస్తున్నాయి. అయినా ఇప్పటికి రెండు సీరియళ్లు మిగిలే ఉన్నాయి: మహాభారతం, విష్ణుపురాణం. అవతారాల కథలో కృష్ణుడు కూడా ఉంటాడు కాబట్టి నెమలి పింఛం ఇక్కడ సాక్ష్యం కాదు. ఈ దశలో ఇలా వెతకండి, రెండు ఫలితాల ఫోటోలూ పక్కపక్కన పెట్టుకోండి:

```
Nitish Bharadwaj Vishnu Puran Krishna
Nitish Bharadwaj Mahabharat 1988 Krishna
```

తీర్పు చెప్పేది ఆ అంచున ఉన్న తెల్ల గడ్డం. ఆ ముక్కను మాత్రమే కత్తిరించి పెద్దది చేయండి. ముక్కు, నుదురు ముకేశ్ ఖన్నా భీష్ముడితో కలిస్తే పని అయిపోయింది. నితీశ్ కృష్ణుడు, ముకేశ్ ఖన్నా భీష్ముడు సభలో ఎదురెదురుగా ఉండేది చోప్రా మహాభారతంలోనే. ఒక నటుడు పది సీరియళ్లలో ఉండొచ్చు, ఇద్దరు నటులు వాళ్లవాళ్ల పాత్రల్లో కలిసి ఉండేది మామూలుగా ఒక్కదాంట్లోనే. అందుకే అంచున ఉన్న రెండో మనిషి కోసం అంతగా వెతకమంటున్నాను.

ఎపిసోడ్ దాకా వెళ్లడం

ఆ సీరియల్ 94 ఎపిసోడ్లు. అన్నీ చూడనక్కర్లేదు, ఎందుకంటే కథ మీకు తెలుసు. కృష్ణుడు హస్తినాపురం సభలో భీష్ముడి ముందు ఉన్నాడంటే ముందు తట్టేది రాయబారం. వనవాసం, అజ్ఞాతవాసం అయ్యాక, యుద్ధానికి ముందు. కాబట్టి సగం దాటాక ఒక ఎపిసోడ్ తెరవండి. పాండవులు ఇంకా అడవిలో ఉంటే ముందుకు దూకండి. కురుక్షేత్రంలో శంఖాలు ఊదుతుంటే వెనక్కి రండి. ప్రతిసారీ మిగిలిన దూరాన్ని సగం చేసుకుంటూ పోతే నాలుగైదు దూకుళ్లలో రాయబారం దగ్గర దిగుతారు. అక్కడ సౌండ్ తీసేసి కొంచెం వేగంగా నడిపించండి. దుస్తులు, భీష్ముడు కూర్చున్న చోటు మీ బొమ్మతో కలిసే చోట ఆపండి.

రాయబారంలో దొరకకపోతే రాజసూయం చూడండి. అక్కడ కూడా కృష్ణుడూ భీష్ముడూ ఒకే సభలో ఉంటారు, కాకపోతే అది ఇంద్రప్రస్థం. స్తంభాలు, ఆసనాలు వేరుగా ఉంటాయి. మీ బొమ్మలో కనిపించే స్తంభం మొదలు ఏ సభతో కలుస్తుందో చూస్తే ఏ వైపు వెళ్లాలో ముందే తెలుస్తుంది.

కొన్ని బొమ్మలు ఎంత వెతికినా ఏ ఎపిసోడ్‌లోనూ దొరకవు. అప్పుడు అది ఫ్రేమే కాదేమో చూడండి. పోస్టర్ కోసం, పత్రికల కోసం తీసిన ఫోటోలు సీన్‌లో ఉండవు. అందులో నటుడు నేరుగా కెమెరాలోకి చూస్తాడు, వెలుగు మరీ శుభ్రంగా ఉంటుంది. లేదంటే ఒకరి ముఖం తెచ్చి ఇంకొకరి ఒంటి మీద అతికించి ఉండొచ్చు. మెడ దగ్గర రంగు మారుతుంది. ముఖం మీద వెలుగు ఎడమ నుంచి పడుతుంటే, నగల మీద కుడి నుంచి పడుతుంది. అలాంటప్పుడు ముఖాన్ని, ఒంటిని రెండు వేరు బొమ్మలుగా తీసుకుని విడివిడిగా వెతకాలి.

గ్రూపులో జవాబు పెట్టేటప్పుడు సీరియల్ పేరుతో పాటు మొదలైన సంవత్సరం తప్పకుండా రాయండి, ఎందుకంటే "మహాభారతం" అంటే ఏదో ఎవరికీ అర్థం కాదు. తర్వాత ఇద్దరు నటుల పేర్లు, ఎపిసోడ్ నంబరు, నిమిషం రాయండి. అప్‌లోడ్ చేసినవాళ్లు కొన్నిసార్లు ఎపిసోడ్లను కలిపేసో ముక్కలు చేసో నంబర్లు మార్చేస్తారు కాబట్టి, మీరు చూసిన వీడియో లింకు కూడా పక్కన పెట్టండి. ఎపిసోడ్ దొరక్కుండా సీరియల్ వరకే తేలితే, ఏ గుర్తు చూసి ఆ మాట అంటున్నారో రాయండి. తర్వాత వెతికేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు.